దూడ పోయిన గేదె అరుపు: దుఃఖమా, పాల బరువా?

శీను_కొల్లిపర

మా ముర్రా గేదె ఈనిన వారంలోపే దూడ పోయింది. పారుడు పట్టుకుని రాత్రికి రాత్రే అయిపోయింది. అప్పట్నుంచీ గేదె గుంజ చుట్టూ తిరుగుతోంది, దూడను కట్టేసే మూలకు మెడ చాచి అరుస్తోంది. పచ్చగడ్డి వేస్తే నాలుగు పరకలు నమిలి వదిలేస్తోంది. పాలు చేపడం లేదు.

మా అమ్మ "కన్నకడుపు కదరా, ఏడుస్తోంది" అంటుంది. పాలు పోయించుకునే ఆయనేమో "ఏడుపూ లేదు గీడుపూ లేదు, పొదుగు బరువెక్కింది, పాలు దిగితే అదే ఊరుకుంటుంది" అని కొట్టిపారేశాడు. ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది నాకు.

నా ప్రశ్న ఇదీ. జంతువులకు దుఃఖం, భయం, సంతోషం ఉన్నాయనో లేవనో పరిశోధకులు దేన్ని చూసి చెబుతారు? గేదె నోరు తెరిచి చెప్పదు కదా. పై రెండు మాటల్లో ఏది నిజమో తేల్చే పరీక్ష ఏదైనా ఉందా?

నాగేశ్వర్_పశువైద్యం

శీను తమ్మీ, ముందు బర్రె సంగతి చూడు, శాస్త్రం తర్వాత మాట్లాడుకుందాం. ఈనిన వారంలో మేత మానేసిందంటే దూడ పోయిన బాధ ఒక్కటే అనుకుని కూర్చోవద్దు. మాయ పూర్తిగా పడిందా? జ్వరం చూశావా? నాలుగు చన్నుల నుంచీ తలా ఒక ధార నల్లటి పలక మీద పిండి చూడు. గడ్డలు, నీళ్ళలాంటి పాలు కనిపిస్తే పొదుగువాపు మొదలైనట్టు. ముర్రా జాతి కాబట్టి, ఈనిన కొత్త కాబట్టి సున్నం తక్కువయ్యే జబ్బు కూడా మనసులో పెట్టుకోవాలి. చెవులు చల్లగా ఉండి, లేవలేక కూలబడితే ఆలస్యం చేయకుండా డాక్టర్ని పిలిపించు.

ఎవరైనా "పాల ఇంజెక్షన్ పొడిస్తే సరి" అంటే వినకు. రోజూ దాన్ని పొడిచి పాలు దించడం చట్టం ఒప్పుకోదు, బర్రెకూ మంచిది కాదు.

శీను_కొల్లిపర

డాక్టరు గారూ, జ్వరం లేదు, మాయ ఆ రోజే పడిపోయింది. నాలుగు చన్నులూ బానే ఉన్నాయి. మనిషి దగ్గరికెళితే తల తిప్పేసి మళ్ళీ ఆ మూలకే చూస్తోంది.

టామీ_వాళ్ళ_నాన్న

ఇందులో పరీక్షలు దేనికండీ? మా టామీ సోఫా చింపేసిన రోజు నేను తలుపు తీయగానే చెవులు వెనక్కి పెట్టి, తోక ముడిచి, నేలచూపులు చూస్తాడు. నేను ఇంకా సోఫా వైపు చూడను కూడా! తప్పు చేశానని వాడికి తెలుసు. పశ్చాత్తాపం ఉన్న జీవికి దుఃఖం ఉండదా?

మాధవి_పశుప్రవర్తన

టామీ నాన్నగారూ, మీరు చెప్పిన చూపు మీదే ఒక చక్కటి ప్రయోగం ఉంది. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో ప్రచురించారు. యజమాని కుక్కతో "ఆ బిస్కెట్ ముట్టుకోకు" అని చెప్పి గది బయటికి వెళ్తారు. కుక్క తిన్నా తినకపోయినా, తిరిగొచ్చాక యజమానికి ఒక్కోసారి నిజం, ఒక్కోసారి అబద్ధం చెబుతారు. అంటే ఏ తప్పూ చేయని కుక్కకు తిట్లు పడే సందర్భాలూ, తిన్న కుక్కను ముద్దు చేసే సందర్భాలూ కావాలనే కల్పించారు. చివరికి తేలిందేంటంటే, ఆ "తప్పు చేసిన చూపు" కుక్క తిన్నదా లేదా అన్నదాన్ని బట్టి రాలేదు. యజమాని తిట్టారా లేదా అన్నదాన్ని బట్టి వచ్చింది.

మీ టామీకి ఏమీ అనిపించదని ఈ ప్రయోగం చెప్పడం లేదు, గమనించండి. మీ గొంతో, నడకో, తలుపు తీసిన తీరో చూసి భయపడి ఉండొచ్చు. ఆ చూపు పశ్చాత్తాపానికి సాక్ష్యం కాదు, అంతవరకే.

శీను గారి గేదె విషయంలోనూ పని అక్కడే మొదలవుతుంది. కంటికి కనిపించేది ఒకటి, దానికి కారణాలు నాలుగు. ఒక్కో కారణాన్నీ విడదీసే ఏర్పాటు చేయగలిగితేనే అది పరీక్ష అవుతుంది.

రమణమూర్తి_రిటైర్డ్

నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాను. ఇది ఎప్పుడో తేలిపోయిన విషయం. ఒత్తిడి హార్మోను కొలిస్తే చాలు. బోట్స్‌వానాలో ఒకవాంగో డెల్టా దగ్గర బబూన్ కోతుల మీద ఆన్ ఎంగ్ బృందం చేసిన పని చూడండి, 2006 నాటిది. సింహాలో చిరుతలో కోతుల్ని ఎత్తుకుపోయాక, మిగిలిన ఆడకోతుల పేడలో ఆ హార్మోను కొలిచారు. దగ్గర బంధువును పోగొట్టుకున్న ఆడకోతుల్లో అది బాగా పెరిగింది. దాడిని చూసి కూడా దగ్గరివాళ్ళను పోగొట్టుకోని వాటిలో అలా పెరగలేదు. ఇది దుఃఖం కాకపోతే ఇంకేమిటి? శీనూ, మీ గేదె రక్తంలో కార్టిసాల్ కొలిపించు, తెలిసిపోతుంది.

సందేహాల_సుబ్బు

మాస్టారూ, దూడ పోయిన గేదెకు ఇప్పుడు సూది గుచ్చి రక్తం తీస్తే, సూది దెబ్బకే కార్టిసాల్ పెరగదా?

మాధవి_పశుప్రవర్తన

సుబ్బు గారు సరైన చోట పట్టుకున్నారు. బబూన్ల దగ్గర పేడ ఏరుకున్నది అందుకే. కోతిని పట్టుకోనక్కర్లేదు, మత్తు ఇవ్వనక్కర్లేదు. అది కదిలి వెళ్ళాక పేడ తీసుకుని ఏ కోతిదో రాసుకుంటే సరిపోతుంది. పైగా పేడలో కనిపించేది ఆ క్షణపు ఉలికిపాటు కాదు, గడిచిన కొన్ని గంటల మొత్తం లెక్క.

మాస్టారు చెప్పిన పోలిక నిజమే, దాని బలమంతా అందులోనే ఉంది. సింహం దాడి అందరికీ ఒకటే, పోగొట్టుకున్నది కొందరే. కాబట్టి పెరుగుదలను భయం ఖాతాలో మాత్రమే వేసేయలేం. అందులో మాస్టారు చెప్పని ఇంకో ముక్క నాకు ఎక్కువ ఇష్టం. బంధువు పోయిన ఆడకోతులు తరవాతి కాలంలో ఇతర కోతుల ఒళ్ళు చూడటం, పేలు ఏరటం పెంచాయి, అదీ ఎక్కువమందితో. ఆ గుంపులో సిల్వియా అని పెత్తనం చేసే ఆడకోతి ఉండేది. కూతురు సియెర్రా తప్ప మిగతావాళ్ళను పెద్దగా దగ్గరికి రానిచ్చేది కాదు. సియెర్రాను సింహం చంపేశాక తనకంటే బాగా కిందిస్థాయి ఆడకోతి దగ్గరికి కూడా తనే వెళ్ళి ఒళ్ళు చూడటం మొదలుపెట్టింది. హార్మోను నెల తిరిగేసరికి మామూలు స్థాయికి దిగింది.

కానీ మాస్టారూ, "కార్టిసాల్ పెరిగింది కాబట్టి దుఃఖం" అనడం దగ్గర నేను ఆగుతాను. ఎద కలిసేటప్పుడూ పెరుగుతుంది, ఆటలో పరుగులు పెట్టినా పెరుగుతుంది. ఒంట్లో కదలిక ఎంత ఉందో అది చెబుతుంది. ఆ కదలిక మంచిదో చెడ్డదో చెప్పదు. కళ్ళ తెల్లగుడ్డు కొలిచినా ఇదే చిక్కు. నార్వేలో ఆవుల మీద చూశారు: దూడను విడదీసినప్పుడు, మేత కనిపించీ అందనప్పుడు తెల్లగుడ్డు ఎక్కువ కనబడింది. అయితే ఇష్టమైన దాణా వస్తోందని ఉత్సాహపడే ఆవుకీ కళ్ళు పెద్దవవుతాయి.

సియాటిల్_లత

నేనుండే దగ్గర్లోని సముద్రంలో తిరిగే ఓర్కా తిమింగలాల్లో జే35 అని ఒకటుంది, టహ్లెక్వా అంటారు. 2018 జులైలో దాని బిడ్డ పుట్టిన అరగంటకే చనిపోయింది. ఆ తల్లి శవాన్ని ముక్కు మీద నిలబెట్టుకుని 17 రోజులు ఈదింది, దాదాపు 1,600 కిలోమీటర్లు. జారిపోయినప్పుడల్లా మునిగి పైకి తెచ్చుకునేది. ఇక్కడ రోజూ వార్తల్లో అదే. 2024 చివర్లో పుట్టిన మరో బిడ్డ కూడా పోతే, 2025 జనవరిలో దాన్నీ అలాగే మోసింది. ఇంత చూశాక కూడా హార్మోన్ అంటారేంటండీ! శీను తమ్ముడూ, మీ అమ్మగారి మాటే రైటు.

సందేహాల_సుబ్బు

లత గారూ, నాకూ చూస్తే గుండె తరుక్కుపోయింది. కానీ ఒక్క మాట. బిడ్డ చచ్చిపోయిందని దానికి తెలిసి మోసిందా, తెలియక మోసిందా? నీళ్ళలో పుట్టిన బిడ్డను ఊపిరి కోసం పైకి నెట్టడం ఓర్కా తల్లి మామూలుగా చేసే పనే. బిడ్డ కదలట్లేదు కాబట్టి అదే పని ఆపకుండా చేస్తూ ఉండొచ్చు. అది దుఃఖమా, ఆశ వదులుకోలేకపోవడమా, అలవాటైన కదలికా? మూడూ పైకి ఒకలాగే కనిపిస్తాయి.

మాధవి_పశుప్రవర్తన

ఇద్దరితోనూ సగం ఏకీభవిస్తాను. గినీలోని బోసూలో చింపాంజీ తల్లులు చనిపోయిన పిల్లల్ని వారాల తరబడి మోశాయి, శరీరం ఎండి తోలైపోయేదాకా. వాటిలో ఒకటి 68 రోజులు మోసింది. డోరా బీరో బృందం దీన్ని 2010లో రాసింది. శవం మీద వాలే ఈగల్ని తోలాయి. అదే సమయంలో, బతికున్న పిల్లను ఎప్పుడూ పట్టుకోని తీరులో చెయ్యో కాలో పట్టుకుని మోసిన సందర్భాలూ ఉన్నాయి. ఏదో తేడా ఉందని గ్రహించాయేమో అని దాన్నిబట్టి వాదించవచ్చు. అంతకుమించి ముందుకెళితే మన ఊహే.

అడవిలో, సముద్రంలో ఉన్న ఇబ్బంది ఏంటంటే ఒక్కో ఘటనా ఒక్కసారే జరుగుతుంది. అదే ఓర్కాకు బిడ్డ బతికి, పాలు మాత్రం ఆగిపోతే ఎలా ఉండేదో మనం చూడలేం. పశువుల దగ్గర చూడగలం. శీను గారి ప్రశ్నకు అక్కడే మంచి జవాబు దొరుకుతుంది.

శీను_కొల్లిపర

అదే కావాలి అక్కా. పాల వల్లా, దూడ వల్లా అన్నది విడదీయగలరా?

మాధవి_పశుప్రవర్తన

విడదీశారు. కెనడాలో సస్కాచవాన్ విశ్వవిద్యాలయంలో హేలీ, స్టూకీ, వాళ్ళ తోటివాళ్ళు మాంసం జాతి ఆవుల మందలో చేశారు, 2005లో వచ్చింది. అక్కడ దూడల్ని నెలల తరబడి తల్లుల దగ్గరే ఉంచి, ఒకరోజు హఠాత్తుగా విడదీస్తారు. ఇక రెండు కంచెల వెనక నుంచీ ఒకటే గోల. వీళ్ళేం చేశారంటే, కొన్ని దూడల ముక్కుకు వేలాడే ప్లాస్టిక్ రేకు తగిలించారు. మన చిక్కంలా మూతి మొత్తం కప్పేయదు. గడ్డి మేయొచ్చు, నీళ్ళు తాగొచ్చు, తల్లిని నాకొచ్చు, పక్కనే పడుకోవచ్చు. చన్ను మాత్రం నోటికి అందదు. కొన్ని రోజులు అలా ఉంచి, తరవాత రేకు తీసేసి తల్లినీ దూడనీ విడదీశారు.

పాల కోసమే గోలైతే రేకు పెట్టిన రోజే అరుపులు మిన్నంటాలి. తల్లి కోసమే అయితే విడదీసిన రోజు అరవాలి. జరిగింది చూడండి: రెండు అంచెల్లో విడదీసిన దూడలు, ఒక్కసారే విడదీసిన వాటికంటే దాదాపు 97 శాతం తక్కువ అరిచాయి. నడక తగ్గింది, మేత మేసే సమయం పెరిగింది.

సందేహాల_సుబ్బు

అంటే పాలు పోయించుకునే ఆయన గెలిచినట్టేగా? పాలు ముందే మానేస్తే తల్లి పోయినా పెద్ద పట్టింపు లేదన్నమాట.

మాధవి_పశుప్రవర్తన

అంత తేలిగ్గా కాదు. రేకు పెట్టిన రోజుల్లో, పాలు ఆగినా తల్లి పక్కన ఉన్నంతసేపూ అవి పెద్దగా అరవలేదు. అంటే ఒక్క పాలు పోవడం ఆ గోలను పుట్టించలేదు. రెండూ ఒకేసారి పోయినప్పుడే గోల. నాకు తోచే కారణం, పాలు ఆగిన ఆ రోజుల్లో తల్లీదూడల మధ్య బంధమే కొంత వదులైపోయింది. కాదు, అరవలేదన్నంత మాత్రాన బాధ లేదని ఎలా అంటారు అని మా రంగంలోనే కొందరు అడుగుతారు. అదీ న్యాయమైన ప్రశ్నే.

ఇంకో సంగతి కూడా చూడాలి. పాడి ఆవుల మీద బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో డాన్ వీరీ వాళ్ళు విడదీసే సమయాన్ని మార్చి చూశారు. పుట్టిన కొద్ది గంటలకే విడదీస్తే తల్లి కొంచెం అరిచి ఊరుకుంటుంది. నాలుగు రోజులు కలిసి ఉన్నాక విడదీస్తే చాలా ఎక్కువ అరుస్తుంది. పొదుగు బరువు ఒక్కటే కారణమైతే కలిసి ఉన్న రోజులతో అరుపు ఇలా పెరగడం కష్టం, ఎందుకంటే విడదీసిన ఆవులన్నిటికీ పాలు పిండుతూనే ఉన్నారు. శీను గారి గేదె కూడా దూడను కొన్ని రోజులు నాకి, వాసన పట్టి, పాలిచ్చింది.

నాగేశ్వర్_పశువైద్యం

చేపు గురించి నేనొక మాట చెప్తా. హోల్‌స్టీన్ ఆవుకు మిషన్ తగిలిస్తే చాలు, పాలు దిగుతాయి. బర్రెకు అట్లా కాదు. దాని పొదుగులో పాలు దాదాపు అన్నీ పైన గ్రంథుల్లోనే నిలుస్తాయి, చన్ను పైనున్న తిత్తిలో చాలా కొంచెం. మెదడు నుంచి హార్మోను వస్తేనే ఆ పాలు కిందికి జారతాయి. దూడ వాసన, దూడ నోరు దానికి అలవాటు. బెదిరినా, బెంగపడినా ఆ హార్మోను ఆగిపోతుంది. కాబట్టి బర్రె చేపకపోవడం కూడా దుఃఖానికి రుజువు కాదు. కొత్త మనిషి పాలకు కూర్చున్నా చేపదు.

శీను_కొల్లిపర

మా తాత చచ్చిన దూడ తోలు ఒలిచి, గడ్డి కూరి, గేదె ముందు నిలబెట్టేవాడట. గేదె దాన్ని నాకుతూ పాలిచ్చేసేదట. ఇప్పుడు అమ్మ అదే చేయమంటోంది. అది మోసమేమో అని నాకు మనసొప్పట్లేదు. అసలు గేదెకు అది దూడ కాదని తెలియదా?

రమణమూర్తి_రిటైర్డ్

తెలియదు నాయనా. జంతువుకు వాసనే లోకం. ఉప్పు రాస్తే ఇంకా బాగా నాకుతుంది.

సందేహాల_సుబ్బు

ఒలిచిన తోలును నాకి ఊరుకునేది దుఃఖమైతే, అది మన దుఃఖంలాంటిది కాదు మాస్టారూ. మనింట్లో పోయినవాళ్ళ చొక్కా తగిలిస్తే మనం ఊరుకుంటామా?

సియాటిల్_లత

ఊరుకోం కానీ, మా అత్తగారు మామయ్య కండువా వాసన చూసుకుంటూ నిద్రపోయేది సుబ్బు గారూ.

మాధవి_పశుప్రవర్తన

తోలుబొమ్మతో పాలు దిగడం చేపు సంగతి. దాన్నిబట్టి గేదె లోపల ఏముందో చెప్పలేం. పాలు దిగాక కూడా అది ఆ మూలకు చూస్తోందా, నెమరు వేస్తోందా, పడుకుంటోందా అన్నవి వేరే ప్రశ్నలు. శీను గారూ, మీరు బొమ్మ పెట్టినా పెట్టకపోయినా వీటిని గమనించి చెప్పండి.

ఇక నేను ముఖ్యం అనుకునే పరీక్షకు వస్తాను. జంతువు మనసు మంచిగా ఉందా చెడ్డగా ఉందా అని అడిగే పద్ధతి ఇది. మనిషి దిగులుగా ఉన్నప్పుడు అటో ఇటో తేలని సంగతిని చెడ్డవైపే అర్థం చేసుకుంటాడు. ఫోన్ ఎత్తకపోతే "కోపం వచ్చిందేమో" అనుకుంటాడు. జంతువులోనూ ఇది ఉందా అని 2004లో బ్రిస్టల్‌లో హార్డింగ్, పాల్, మెండ్ల్ ఎలుకల మీద మొదట చూశారు. ఒక స్వరం వినిపిస్తే మీట నొక్కాలి, మేత వస్తుంది. ఇంకో స్వరానికి నొక్కకూడదు, నొక్కితే చెవుల్లో హోరు. బాగా నేర్చుకున్నాక కొన్ని ఎలుకల బతుకును అస్తవ్యస్తం చేశారు: ఒకరోజు తడి పరుపు, ఒకరోజు వంచిన పంజరం, ఎప్పుడేం జరుగుతుందో తెలియదు. తరవాత మధ్యరకం స్వరాలు వినిపించారు. అస్తవ్యస్తంగా బతికిన ఎలుకలు మేత స్వరానికి దగ్గరగా ఉన్న వాటికి కూడా తక్కువసార్లు, ఆలస్యంగా నొక్కాయి.

దీన్నే దూడల మీదకు తెచ్చింది వీరీ బృందం. కొట్టంలో ఒక తెర, దాని మీద ఎరుపు లేదా తెలుపు. కొన్ని దూడలకు ఎరుపంటే పాలు, కొన్నిటికి తెలుపంటే పాలు, రంగు మీద మోజు ఫలితాన్ని చెడగొట్టకుండా. పాల రంగు వచ్చినప్పుడు వెళ్ళి మూతితో తెరను తాకితే పాలు. రెండోది వచ్చినప్పుడు తాకితే పాలు లేవు, కాసేపు ఆట బంద్. ఇది బాగా వంటబట్టడానికే రోజులు పడుతుంది, కొన్ని దూడలు నేర్చుకోవు, వాటిని వదిలేయాలి. నేర్చుకున్న వాటికి మధ్యమధ్యలో గులాబీ ఛాయలు చూపిస్తారు: ఎరుపుకు దగ్గరది, సరిగ్గా మధ్యది, తెలుపుకు దగ్గరది. దూడ వెళ్ళిందా, నిలబడిపోయిందా అని రాసుకుంటారు.

2013లో కొమ్ము మొలకల్ని కాల్చిన తరవాత ఇలా చూస్తే, దూడలు మధ్య ఛాయలకు వెళ్ళడం తగ్గింది. 2014లో, కొన్ని వారాలు తల్లి దగ్గర పెరిగిన దూడల్ని విడదీసి చూస్తే ఆ తగ్గుదల మళ్ళీ కనిపించింది. కొమ్ములు కాల్చిన నొప్పితో వచ్చినదానికి దగ్గర్లోనే ఉంది. ఆ రెండో ఫలితం చదివినప్పుడు నేను చాలాసేపు పేజీ తిప్పలేదు.

సందేహాల_సుబ్బు

నీరసంగా ఉండి కదల్లేదేమో? లేక ఆకలి చచ్చిందేమో?

మాధవి_పశుప్రవర్తన

అందుకే స్వచ్ఛమైన పాల రంగును కూడా అదే పూట చూపిస్తూ ఉంటారు. నీరసమైతే దానికీ వెళ్ళకూడదు. పాల రంగుకు లేచి వెళ్తూ, గులాబీకి మాత్రం ఆగిపోతే అప్పుడే మనం దాన్ని దిగులు అనుకోవచ్చు. ఇందులో ఇంకో గుంట ఉంది. గులాబీకి వెళితే పాలు రావు కాబట్టి, ఎక్కువసార్లు చూపిస్తే దూడ ఆ సంగతి కనిపెట్టేస్తుంది. తరవాత వెళ్ళకపోతే అది దిగులు కాదు, తెలివి. కాబట్టి మధ్య ఛాయలు కొన్నిసార్లే చూపించాలి. కొన్నిసార్లే చూపిస్తే లెక్కలు బలంగా రావు. ఈ రెంటి మధ్య నలగడమే ఈ పరీక్ష చేసేవాళ్ళ బతుకు.

ఇవి హోల్‌స్టీన్ దూడలు, అదీ పిల్లల వైపు నుంచి. తల్లి గేదెకు నేరుగా అంటగట్టకండి.

సందేహాల_సుబ్బు

సరే, నేను దాచుకున్న ముక్క ఇప్పుడు వేస్తాను. 2011లో న్యూకాసిల్‌లో మెలిసా బేట్సన్ బృందం ఇదే పరీక్ష తేనెటీగల మీద చేసింది. ఒక వాసనకు తీపి, ఇంకో వాసనకు చేదు. నేర్చుకున్నాక కొన్ని ఈగల్ని ఒక్క నిమిషం గట్టిగా కుదిపారు, తేనెపట్టును జంతువేదో పీకుతున్నట్టు. తరవాత రెండు వాసనలూ కలిపి పెడితే, కుదిపిన ఈగలు నాలుక చాపడం తగ్గించాయి. వాటి ఒంట్లో డోపమైన్, సెరటోనిన్ కూడా తగ్గాయి. దూడ దిగులుపడిందంటే తేనెటీగా దిగులుపడిందనాలి. తేనెటీగ దిగులుపడలేదంటే దూడ సంగతీ అంతే. ఏదో ఒకటి ఒప్పుకోండి.

రమణమూర్తి_రిటైర్డ్

ఈగకు దిగులేమిటయ్యా, చోద్యం కాకపోతే! దాని మెదడు ఆవగింజంత.

మాధవి_పశుప్రవర్తన

మాస్టారూ, మెదడు సైజుతో ఈ ప్రశ్నను పక్కకు నెట్టలేం. బేట్సన్ వాళ్ళు కూడా తేనెటీగకు బాధ తెలుస్తుందని చెప్పలేదు. దూడకు ఆ పరీక్షను సాక్ష్యంగా తీసుకుంటే ఈగకూ తీసుకోవాలి అన్నది వాళ్ళ మెలిక. సుబ్బు గారు తెచ్చింది అదే.

నా మట్టుకు నేను అన్నిటినీ ఒకే తక్కెడలో పెట్టను. ఆ పరీక్ష చెప్పేది, లోపలి స్థితి ఒకటి మారి దాని నిర్ణయాలన్నిటినీ చెడ్డవైపు వంచిందని. ఆ స్థితి "తెలుస్తుందా" అన్నది వేరే. దూడకు ఆ స్థితితోపాటు తల్లిని వెతకడం, మేత మానడం, నెమరు తగ్గడం, నొప్పిమందు ఇస్తే తేరుకోవడం, మనలాంటి మెదడు కట్టడం, ఇవన్నీ ఒకేవైపు చూపిస్తాయి. ఈగకు ఆ గుంపులో కొన్నే ఉన్నాయి.

సందేహాల_సుబ్బు

"మనలాంటి మెదడు" అంటే మళ్ళీ మొదటికే వచ్చాం. భయం మీద జీవితమంతా పనిచేసిన జోసెఫ్ లెడూ ఏమంటాడు? ఎలుక బిగుసుకుపోవడం చూసి భయం సర్క్యూట్ దొరికిందనుకోకండి, అది ప్రమాదం నుంచి కాపాడుకునే సర్క్యూట్ అంటాడు. పామంటే హడలే మనుషులకు పాము బొమ్మను రెప్పపాటులో చూపి కప్పేస్తే, చూడలేదంటూనే చేతులకు చెమట పడుతుంది. ఒళ్ళు స్పందించింది, భయం తెలియలేదు. జంతువులో ఆ రెండో సగం ఉందని ఏ తెర చూపిస్తుంది?

మాధవి_పశుప్రవర్తన

ఏ తెరా చూపించదు. లెడూ చెప్పిన ఆ గీతను నేను దాటలేదు, దాటే దారి ఉందని కూడా చెప్పను. అయితే మనుషుల్లో కూడా ఆ చెమట రెప్పపాటు సంగతి. రోజుల తరబడి మేత మానేసి, కొత్త నిర్ణయాల్ని కూడా మార్చేసే స్థితిని ఒంటి ఉలికిపాటుతో సర్దేయడం నాకు కుదరదు. లెడూ కుదురుతుందంటే వాదిస్తాను.

టామీ_వాళ్ళ_నాన్న

అన్నీ ఏడుపులే చెబుతున్నారు. సంతోషం సంగతి ఎవరూ ఎత్తరేం?

రమణమూర్తి_రిటైర్డ్

ఎలుకలకు కితకితలు పెడితే నవ్వుతాయి. పాంక్సెప్ కనిపెట్టాడు. మన చెవికి వినపడదు.

మాధవి_పశుప్రవర్తన

50 కిలోహెర్ట్జ్ దగ్గర కిచకిచలు. మన చెవి 20 దాటితే వినదు, ప్రత్యేకమైన మైకు కావాలి. "నవ్వు" అన్న మాట మీద గొడవ ఉన్నా, కితకితలు పెట్టిన చేతి వెంట అవి పరుగెత్తడం మాత్రం గట్టి సాక్ష్యం. 2016లో బెర్లిన్‌లో ఇషియామా, బ్రెక్ట్ ఇంకో తమాషా చూపించారు. అదే ఎలుకను ఎత్తైన బల్ల మీద, గట్టి వెలుతురులో పెట్టి కితకితలు పెడితే కిచకిచలు తగ్గిపోయాయి. అంటే చర్మానికి తగిలిన స్పర్శ ఒకటే అయినా, ఎలుక ఉన్న స్థితిని బట్టి స్పందన మారింది. బెదిరిన పిల్లాడికి కితకితలు పెడితే నవ్వు రాదు కదా.

శీను_కొల్లిపర

అప్‌డేట్. తోలుబొమ్మ పెట్టలేదు. ఎండు దూడ తోలు ఇంట్లో ఉంచడం ఇష్టం లేక, దూడను తుడిచిన గోనెపట్టా గుంజ దగ్గర వేశాను. అమ్మే పాలకు కూర్చుంది, చేపింది, సగం పైగా వచ్చాయి. మాధవి అక్క చెప్పినట్టు గమనించాను. పాలు దిగాక కూడా రాత్రి మళ్ళీ అరిచింది, మొదట్లోలా కాకుండా గొంతు తగ్గించి. పట్టా మీద మూతి పెట్టి పడుకుంటోంది. నెమరు మొదలైంది, తవుడు తింటోంది.

పాలు పోయించుకునే ఆయనకు చెప్తే "పొదుగు ఖాళీ కాలేదు, అందుకే అరిచింది" అంటున్నాడు.

నాగేశ్వర్_పశువైద్యం

పూర్తిగా పిండి చూడు తమ్మీ, సగం ఉంచకు, పొదుగువాపు వస్తుంది. ఖాళీ అయినాక కూడా అరిస్తే ఆయనకు చెప్పు. ఇంకొకటి, ఈసారి దూడకు పుట్టిన గంటలోపే జున్నుపాలు కడుపు నిండా తాగించు. బొడ్డుకు టింక్చర్ పెట్టు. పారుడు సగం అక్కడే ఆగుతుంది.

టామీ_వాళ్ళ_నాన్న

మాధవి గారూ, ఆ రంగుల పరీక్ష మా టామీకి ఇంట్లో పెట్టొచ్చా? నేను ఆఫీసుకెళితే వాడు రోజంతా మొరుగుతాడని పక్కింటివాళ్ళు గొడవ.

మాధవి_పశుప్రవర్తన

రంగులొద్దు, గిన్నె చాలు. బ్రిస్టల్ వాళ్ళే 2010లో కుక్కల షెల్టర్లలో ఇలా చేశారు. గదిలో ఒక పక్క గిన్నె పెడితే ఎప్పుడూ మేత ఉంటుంది, రెండో పక్క పెడితే ఎప్పుడూ ఖాళీ. నిండు గిన్నెకు పరుగెత్తి, ఖాళీ గిన్నెకు తాపీగా వెళ్ళడం అలవాటయ్యాక, గిన్నెను మధ్యలో పెట్టి ఎంతసేపట్లో చేరుతుందో చూస్తారు. ఒంటరిగా వదిలితే ఎక్కువ గోల చేసే కుక్కలు మధ్య గిన్నెకు నెమ్మదిగా వెళ్ళాయి.

ఇంట్లో చేస్తే రెండు జాగ్రత్తలు. ఖాళీ గిన్నెకు కూడా మేత వాసన పట్టించండి, లేకపోతే వాడు ముక్కుతోనే తేల్చేస్తాడు. మధ్య గిన్నె వైపు మీరు చూడకండి, మీ కళ్ళు చూసి వాడు నిర్ణయించుకుంటాడు. ఒక్క కుక్కతో వచ్చిన సెకన్లు పక్కింటివాళ్ళకు చూపించడానికి పనికిరావు. వాడికి నిజంగా ఒంటరితనం పడట్లేదేమో తెలియాలంటే, మీరు వెళ్ళాక మొదటి అరగంట వీడియో తీసి మీ పశువైద్యుడికి చూపించండి.

టామీ_వాళ్ళ_నాన్న

గిన్నె మధ్యలో పెట్టాను. వాడు నా వైపే చూస్తూ కూర్చున్నాడు.

సందేహాల_సుబ్బు

మీరు గది బయటికెళ్ళండి సార్.